రాత్రి ముహూర్తానికి మా హాలు షరతులు

వెడ్డింగ్ ప్లానర్ గారికి,

మీ తోటి ప్లానర్లకూ తెలియాలని ఈ జవాబు బహిరంగంగా రాస్తున్నాను.

మీరు అడిగిన ముహూర్తం రాత్రి 11:40కి కాబట్టి ముందు సంగీతం సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. మూసి ఉన్న హాల్లో వాడుకోవచ్చు గానీ ప్రహరీ దగ్గర మోత పరిమితి దాటకూడదు. అందుకే ఊరేగింపు డీజే 9:45కల్లా ఆగాలి. ఎదురుకోలు ఆలస్యమైనా ఈ గడువు పెరగదు. జీలకర్ర-బెల్లం వేళ సన్నాయి, డోలు తలుపులు మూసి వాయించండి. గట్టిమేళానికి మైకు అవసరమే లేదు, మా హాల్లో చివరి వరుసకూ స్పష్టంగా వినిపిస్తుంది.

హోమగుండం పైన గుడ్డ, థర్మోకోల్ కట్టొద్దు. నెయ్యి పోసినప్పుడు మంట ఒక్కసారిగా లేస్తుంది. పూలదండలు పక్క స్తంభాలకే కట్టించండి.

పూలవాళ్లు, డెకరేషన్‌వాళ్లు ఉదయం 6 నుంచి వెనక గేటు గుండా రావచ్చు. మధ్యాహ్నం 3 తర్వాత ఆ దారి వంటవాళ్లది. మండపం విప్పడం మాత్రం తెల్లారాకే. ఇనుప గొట్టాలు కింద పడే చప్పుడుకు పక్క ఇళ్లలో పసివాళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారు.

సమ్మతమైతే వాహనాల నంబర్లు ముందురోజు సాయంత్రానికి పంపండి.

ఇట్లు,
హాలు మేనేజర్, హైదరాబాద్