నంబర్ ఎవరిదో చూడకుంటే డైరెక్టరీ పెట్టొద్దు

ఛత్రినాకల రెండు రూములు కిరాయికి కావాల్నంటే ఇప్పటికీ గల్లీ గల్లీ తిరిగి టు-లెట్ బోర్డులు చూసుడే. ప్లంబర్ నంబర్ కావాల్నంటే కిరాణ దుకాణపాయనను అడుగుడే. అందుకే లాల్‌దర్వాజ, ఉప్పుగూడ, గౌలిపుర కలిపి ఒక డైరెక్టరీ సైటు పెడదామని మేం ముగ్గురం కూసున్నం. సైటు రెండు ఆదివారాలల్ల తయారైంది. దాన్ని సక్కగ ఉంచుడు మాత్రం రోజూ ఉండే పని. మీ మండల కేంద్రంల గూడ గిసుంటిది పెట్టాలని ఎవరన్న అనుకుంటుంటే ఈ ముచ్చట ముందే తెలుసుకోవాలె.

మొదట్ల ఎవరు ఫారం నింపినా లిస్టింగ్ వెంటనే కనవడేది. ఒకరోజు రాత్రి ఎవడో కిరాయి రూము ప్రకటన పెట్టిండు. దాంట్ల ఉన్న నంబర్ బ్లౌజులు కుట్టే ఒక అక్కది. ఆమెకు ఇల్లూ లేదు, ప్రకటనా తెల్వది. "రాత్రి ఎంత లేటైనా ఫోన్ చేయుండ్రి" అని రాసిండు. మేం తెల్లారి మధ్యాహ్నం చూసేదాంక ఆమెకు ఫోన్లు వస్తనే ఉన్నయి. గా రాత్రి మా సైటుల ఒక్క బూతు మాట లేదు, ఫిల్టర్‌కు పట్టుకునేది ఏమీ లేదు.

ఇది కొత్త రోగం కాదు. 2004 నవంబర్ల బాజీ డాట్ కామ్ అనే పెద్ద అమ్మకాల సైటుల ఒక విద్యార్థి ఇద్దరు పిల్లల అసభ్య వీడియోను అమ్మకానికి పెట్టిండు. చెడ్డ మాటలు పట్టే ఫిల్టర్ ఆ సైటుకు ఉండె. వాడు దాన్ని పుస్తకాల కింద, ఈ-బుక్స్ వర్గంల పెట్టి తప్పించుకున్నడు. అది శనివారం రాత్రి. ఫిర్యాదు ఈమెయిల్ అదే రాత్రి వచ్చింది. తీసేసింది మాత్రం సోమవారం పొద్దుగాల. డిసెంబర్ల కంపెనీ సీఈఓ అవనీశ్ బజాజ్‌ను అరెస్ట్ చేసిండ్రు. లిస్టింగులు చూసుకునే మేనేజర్ మీద పెట్టిన అశ్లీలత కేసును సుప్రీంకోర్టు కొట్టేసేటాళ్లకు 2016 డిసెంబర్ వచ్చింది. ఒక ఆదివారం ఎవరూ చూడనిదానికి పన్నెండేండ్లు!

మేం ఫారం తీసేసినం. ఇప్పుడు సైటుల ఏ నంబర్ కనవడాల్నో అదే నంబర్ నుంచి మాకు వాట్సాప్ మెసేజ్ రావాలె. వేరే నంబర్ నుంచి వస్తే పెట్టం. దుకాణం బోర్డు మీద ఓనరే రాయించుకున్న నంబర్ వేరు, ఎవరో ఫార్వర్డ్ చేసిన ఇంటి నంబర్ వేరు. 2023 డేటా రక్షణ చట్టం గూడ మనిషి తనంతట తాను బయటపెట్టిన సమాచారాన్ని వేరుగనే చూస్తది.

ఫిర్యాదు వస్తే ఇండ్లు, ఉద్యోగాల లిస్టింగ్ ముందు దాచిపెడ్తం, తర్వాత విచారణ. ఇదే రూలు దుకాణాలకు పెడితే ఒక టెంట్ హౌసాయన బోనాల ముందల పక్కాయన మీద ఫిర్యాదు కొట్టి గిరాకి మలుపుకున్నడు. అందుకే దుకాణమైతే ముందు ఫోన్ చేస్తం.

అయినా తన సొంత నంబర్‌తోనే మోసం చేసేటోడు ఉంటడు. కిరాయి చుట్టుపక్కల కంటె సగం ఉంటది. ఫొటోల గల్లీ కనవడదు, ఇంటి లోపలనే. "డ్యూటీ మీద వేరే ఊర్ల ఉన్న, అడ్వాన్స్ కొట్టుండ్రి, తాళంచెయ్యి పంపిస్త" అంటడు. దీనికి సాఫ్ట్‌వేర్ మందు లేదు. మాల ఒకలం నడుసుకుంట పోయి ఇల్లు చూసొస్తం. పది నిమిషాల పని. పెద్ద సైట్లు చేయలేనిది ఇదొక్కటే, చిన్నసైటు బతుకుడు గూడ దీనితోనే.

పాతబడుడు ఇంకో బాధ. ఒక్క దుకాణాన్నే ఒకలు తెలుగుల, ఒకలు ఉర్దూల, ఇంకొకలు ఇంగ్లిష్ అక్షరాలల్ల పంపుతరు. పేరుతోని పోలిస్తే మూడు దుకాణాలైతయి. అందుకే మేం నంబర్‌తోనే పోలుస్తం. 300 నంబర్లకు మూడు నెలలకోసారి ఫోన్ చేస్తం. ఒక్కోదానికి మూడు నిమిషాలంటే 15 గంటలు. ఎత్తకపోతే వారం ఆగి మళ్ల చేస్తం, అప్పుడూ ఎత్తకపోతే తీసేస్తం. కిరాయి ఇల్లయితే 15 రోజులకే దానంతటదే పోతది.

మాల మాకు కొట్లాట వచ్చింది ఒక్కదాని మీదనే. "ఫలానా మతపోళ్లకే ఇస్తం" అని రాసే ఓనర్లు అటుదిక్కూ ఉన్నరు, ఇటుదిక్కూ ఉన్నరు. "ఆ లైను ఉంటె కిరాయిదారు ఊకెనే పోయి అవమానం పడడు కదా" అని మా దోస్తు అంటడు. ఆయన మాటల నిజం ఉంది. కాని ఆ లైను మా సైటు మీద రోజూ కనవడితే ఇది గల్లీని రెండు చేసే బోర్డయితదని నేనంటున్న. ఇప్పటికైతే తీసేస్తున్నం. తీసేసినందుకు పోయిన నెల ఇద్దరు ఓనర్లు వాళ్ల ప్రకటనలు వాపస్ తీసుకున్నరు.