సగటు చెప్పని సంగతి: ఫారెస్ట్ ప్లాటు, I² విలువల అన్వయం

వ్యవసాయ పరిశోధనా వ్యాసాలలోను, విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలోను మెటా విశ్లేషణల ఫలితాలను తరచు రెండు వాక్యాలలో ముగించడం కనిపిస్తుంది. ఫారెస్ట్ ప్లాటు అడుగున ఉన్న వజ్రాకారం సున్నా రేఖను తాకలేదు కనుక ఆ పద్ధతి లాభదాయకమనేది మొదటి వాక్యం. I² విలువ 75 శాతం దాటింది కనుక ప్రయోగాల మధ్య భిన్నత్వం ఎక్కువగా ఉందనేది రెండవది. ఈ రెండూ విస్తరణ శాస్త్రవేత్తకు కావలసిన సమాధానం ఇవ్వవు. రెండవ వాక్యమైతే కొన్ని సందర్భాలలో నిజం కూడా కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక యాజమాన్య పద్ధతిపై ఐదు చోట్ల ప్రయోగాలు జరిగాయి. దిగుబడి పెరుగుదల వరుసగా 2, 4, 6, 8, 10 శాతం. ప్రతి ఫలితానికి ప్రామాణిక దోషం 3. సగటు 6. సగటు నుండి ఒక్కొక్క ఫలితం ఎంత దూరంలో ఉందో వర్గం చేసి, ప్రామాణిక దోషపు వర్గంతో భాగించి కూడితే Q వస్తుంది. ఇక్కడ అది 40/9, అంటే 4.44. స్వతంత్ర స్థాయి 4.

I² = (Q − 4) / Q × 100

ఈ సూత్రం ప్రకారం I² విలువ 10 శాతం. ఇప్పుడు ఫలితాలను అలాగే ఉంచి, ప్రామాణిక దోషం 1 అనుకుంటే Q విలువ 40, I² 90 శాతం అవుతాయి. ప్లాటుపై చతురస్రాలు ఉన్నచోటనే ఉన్నాయి, వాటికి ఇరువైపుల గీతలు మాత్రమే కురచ అయ్యాయి. I² కొలిచేది కనిపించే చెదరులో యాదృచ్ఛిక దోషం వల్ల కాక నిజమైన తేడాల వల్ల వచ్చిన వాటా మాత్రమే. ఆ తేడాలు ఎన్ని శాతాల మేర ఉన్నాయో అది చెప్పదు.

ఈ లక్షణం వల్లనే మన ప్రయోగ పట్టికలను చదవడంలో జరిగే ఒక చిన్న పొరపాటు పెద్ద భిన్నత్వంగా బయటపడుతుంది. మన పత్రికలలో సగటు దిగుబడితో పాటు సాధారణంగా సగటు యొక్క ప్రామాణిక దోషాన్ని, సి.డి. విలువను ముద్రిస్తారు. మెటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ తరచు అడిగేది ప్రామాణిక విచలనాన్ని. ఆ గడిలో ప్రామాణిక దోషాన్ని నింపితే, నాలుగు రెప్లికేషన్ల ప్రయోగంలో దోషం సగానికి తగ్గి, Q నాలుగు రెట్లవుతుంది. పై మొదటి ఉదాహరణలో Q 17.8కి చేరి, 10 శాతంగా ఉండవలసిన I² సుమారు 78 శాతమవుతుంది. ఆపై లేని భిన్నత్వానికి నేలలు, రకాలు, వర్షపాతం కారణాలుగా చర్చ సాగుతుంది! దీనిని పసిగట్టడం కష్టం కాదు. యాదృచ్ఛిక ఖండ రచనలో 5 శాతం స్థాయి సి.డి.ని పట్టికలోని ఆ అంకెతో భాగించినప్పుడు సుమారు 3 వస్తే, అది సగటు యొక్క ప్రామాణిక దోషమే. దానిని రెప్లికేషన్ల సంఖ్య వర్గమూలంతో గుణిస్తే ప్రామాణిక విచలనం లభిస్తుంది.

భిన్నత్వం నిజమైనదే అయినప్పుడు చూడవలసింది అంచనా అంతరం. ప్రామాణిక దోషం 1గా ఉన్న రెండవ సందర్భంలో ప్రయోగాల మధ్య నిజమైన విచలనం 3 శాతం. రాండమ్ ఎఫెక్ట్స్ నమూనాలో వజ్రాకారం 3.2 నుండి 8.8 వరకు ఉంటుంది, సున్నాకు దూరంగానే. అయితే అది సగటు ఎక్కడ ఉండవచ్చో మాత్రమే చెబుతుంది. మరో కొత్త ప్రదేశంలో ఫలితం ఎంత ఉండవచ్చో చెప్పే 95 శాతం అంచనా అంతరం −4.6 నుండి 16.6 వరకు సాగుతుంది. ఐదే ప్రయోగాలు కావడం కూడా ఈ విస్తృతికి ఒక కారణం. అయినా రైతు అడిగే ప్రశ్నకు దగ్గరగా ఉన్నది ఈ అంతరమే. దీనిని ప్లాటు అడుగున చూపని వ్యాసాన్ని సమీక్షకులు వెనక్కి పంపడం సమంజసం.

భిన్నత్వాన్ని లోపంగా భావించి దాచనవసరం లేదు. దుక్కి దున్నని సేద్యంపై పిట్టెల్కో బృందం 2015లో నేచర్ పత్రికలో ప్రచురించిన విశ్లేషణలో 610 అధ్యయనాల నుండి 5,463 జతల దిగుబడులు ఉన్నాయి. మొత్తం మీద దిగుబడి 5.7 శాతం తగ్గింది. అక్కడే ఆగితే ఆ పద్ధతిని పక్కన పెట్టవలసి వచ్చేది. కాని పొడి వాతావరణంలో, వర్షాధార పంటలలో, పంట అవశేషాలను నేలపై ఉంచి పంటమార్పిడి పాటించినచోట దిగుబడి 7.3 శాతం పెరిగింది. అనంతపురం వంటి మెట్ట జిల్లాల శాస్త్రవేత్తకు మొదటి అంకె కన్నా రెండవదే ఎక్కువ ప్రసక్తమైనది. అయితే మెట్టలో పశుగ్రాసానికి పోగా నేలపై మిగిలే అవశేషమెంత అన్నది ఆ అంకెను వాడే ముందు తేల్చుకోవాలి. ఇటువంటి ఉపవర్గాలను ప్లాటు చూసిన తరువాత కాక, సమాచార సేకరణకు ముందే నిర్ణయించి రాసిపెట్టుకోవాలి. లేనిచో ఏదో ఒక విభజనలో అనుకూల ఫలితం దొరుకుతూనే ఉంటుంది.