డిగ్రీ అయింది... ఇక ఏ దారి?

డిగ్రీ ఫలితాలు వచ్చిన వారం రోజుల్లోనే ఇంటినిండా సలహాదారులు తయారవుతారు. బాబాయి బ్యాంకు కోచింగ్ అంటాడు. పక్కింటావిడ బీఈడీ అంటుంది. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు అమీర్‌పేట వచ్చి ఏదో ఒక కోర్సులో చేరిపొమ్మంటుంది. ఇవన్నీ విని బుర్ర వేడెక్కాక ఒక పెద్దాయన 'నీకేది ఇష్టమో అదే చెయ్యమ్మా' అంటాడు. నన్నడిగితే అన్నింటికంటే పనికిరాని సలహా ఇదే. ఇష్టమేదో తెలిస్తే ఆ పిల్ల దిక్కులు చూస్తూ ఎందుకు కూర్చుంటుంది?

ఇష్టం, చేతనైనది, వదులుకోలేనిది - ఈ మూడింటినీ ముందు విడివిడిగా తేల్చుకోవాలి. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తిచేసిన ఒక తెనాలి అమ్మాయి ఉందనుకుందాం.

'నాకు జువాలజీ ఇష్టం' అంటుందామె. అది సబ్జెక్టు పేరు, పని పేరు కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లోనే ఈ తేడా పట్టుకున్నాడు. వస్తువులతో పని, పరిశోధన, కళలు, మనుషులకు సాయం, ఒప్పించి నడిపించడం, లెక్కలూ రికార్డులూ సర్దడం అని ఆసక్తుల్ని ఆరు రకాలుగా చూశాడు. మన అమ్మాయిని కాస్త గుచ్చి అడిగితే, మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం ఆమెకి విసుగే. పరీక్షల ముందు స్నేహితురాళ్లకి గుండె ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చెప్పడం మాత్రం ఇష్టం. అంటే ఆమె ఇష్టం మనుషుల వైపుంది.

ఇక చేతనైనది. మార్కులు దీన్ని సగమే చెబుతాయి. నలుగురూ ఏ పనికి మన దగ్గరికొస్తారో చూసుకోవాలి. ఈ అమ్మాయి దగ్గరికి రికార్డులు సరిచేయించుకోవడానికి వచ్చేవారు, అర్థంకాని పాఠం చెప్పించుకోవడానికి వచ్చేవారు. హాస్టల్ మెస్ లెక్కలూ ఆమే రాసేది.

మూడోది కష్టం. 'జీతం ముఖ్యమా, మనశ్శాంతి ముఖ్యమా' అని అడిగితే అందరూ రెండూ అంటారు. అందుకే బేరంలా అడగాలి. నెలకి ఐదువేలు ఎక్కువిస్తే రాత్రి డ్యూటీ చేస్తావా? చెయ్యనంది. అమ్మకి ఒంట్లో బాగోకపోతే అదే రోజు ఇంటికి చేరుకోలేని ఊరెళ్తావా? వెళ్లనంది. రెండేళ్లు సంపాదన లేకుండా ఉండగలవా? ఇక్కడ తడబడింది. ఇంటి అప్పు వాయిదాలున్నాయి మరి.

ఇప్పుడు కలిపి చూద్దాం. మెడికల్ కోడింగ్ ఆమె డిగ్రీకి సరిపోతుంది, రికార్డుల నేర్పుకీ సరిపోతుంది. డాక్టర్ల నోట్సు చదివి జబ్బుకీ, చికిత్సకీ కోడ్‌లు వేసే పని. కానీ రోజంతా స్క్రీన్ ముందు ఒంటరిగా, టార్గెట్లతో. మనుషులతో మాటే ఉండదు.

టీచర్ ఉద్యోగం మూడింటికీ అతికినట్టే కనిపిస్తుంది. అయితే మూడేళ్ల డిగ్రీ మీద బీఈడీ రెండేళ్లు, ఆపైన టెట్. సర్కారు కొలువైతే ఎదురుచూపులు తప్పవు. ఆంధ్రాలో 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ పూర్తయింది 2025లోనే. కాబట్టి ఫీజు కట్టేముందు పని రుచి చూడాలి. ఈ అమ్మాయి తెలిసినవారి స్కూల్లో రెండు వారాలు తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పిందనుకోండి. నలభైమందిని అదుపులో పెట్టడానికే పీరియడ్ అయిపోయింది. బెల్లు కొట్టాక డౌట్లతో వచ్చిన ఇద్దరు ముగ్గురితో గడిపిన పది నిమిషాలే హాయిగా అనిపించాయి. సాయంత్రానికి అలసట వస్తే ఫరవాలేదు, ఏ పనిలోనైనా వస్తుంది. తెల్లారి మళ్లీ వెళ్లాలంటే గుండెలో రాయి పడితే మాత్రం ఆలోచించాలి.

అంటే ఆమెకి నప్పేది బోధన కాదు, ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పడం. అలా చూస్తే, అప్పటిదాకా ఎవరూ అనని డైటీషియన్ పని కనిపిస్తుంది. షుగరు రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏం తింటున్నారో అడిగి, రాసుకుని, ఏం మార్చుకోవాలో చెప్పాలి. ఎక్కువగా పగటి పని. దానికి న్యూట్రిషన్‌లో పీజీయో డిప్లొమానో చెయ్యాలి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ఉండాలి. తన డిగ్రీతో సీటిస్తారా లేదా అన్నది కాలేజీని బట్టి మారుతుంది, ముందే కనుక్కోవాలి. మొదట్లో జీతాలూ అంతంతమాత్రమే.

మూడూ పూర్తిగా కుదిరే ఉద్యోగం అరుదు. ఇక్కడ తగ్గాల్సింది సంపాదన తొందర. అది కూడా పూర్తిగా కాదు, సాయంత్రం నలుగురు పిల్లలకి ట్యూషన్ చెబితే వాయిదాలో కొంతైనా గట్టెక్కుతుంది. అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క అది. అప్లికేషన్ ఫారం తెచ్చుకునేలోపు, దగ్గర్లోని ఆసుపత్రిలో డైటీషియన్‌ని అడిగి ఒక పూట పక్కన కూర్చుని చూసి రావడం మంచిది.