మూడు చుక్కలు కనిపిస్తే నీళ్ల సంగతే

చదువుకో, ఉద్యోగానికో జపాన్ వెళ్లిన మనవాళ్లకి మొదటి వారం ఆకలి తీర్చేది చాలాసార్లు కప్ నూడుల్సే. రాత్రి పన్నెండుకి కూడా తెరిచి ఉండే చిన్న దుకాణాలుంటాయి, వాటిని అక్కడ 'కొన్‌బినీ' అంటారు. కప్ కొంటే పుల్లలు ఇస్తారు, చాలా షాపుల్లో ఓ మూల వేన్నీళ్ల పాట్ కూడా ఉంటుంది. అంతా బాగానే ఉంటుంది, మూత మీదున్న అక్షరాలు తప్ప. ఎన్ని నీళ్లు, ఎన్ని నిమిషాలు, ఏ పొట్లం ఎప్పుడు వేయాలి అన్నదంతా జపనీస్‌లోనే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

జపనీస్ చదవడం రావాలంటే ఏళ్లు పడుతుంది. కానీ నూడుల్స్ మూత చదవడానికి నాలుగైదు బొమ్మలు గుర్తుపడితే చాలు. ఎందుకంటే 1958లో మొమొఫుకు ఆందో మొదటి ఇన్‌స్టంట్ రామెన్ అమ్మినప్పటి నుంచి, 1971లో కప్ నూడుల్ వచ్చాక కూడా, ఈ వంట మారలేదు. నీళ్లు పోయడం, ఆగడం, కలపడం, అంతే. ఈ మూడింటికి మూడు అక్షరాలున్నాయి.

నీళ్లు: 水, 湯

మొదటిది 水. 'మిజు' అంటే నీళ్లు. మధ్యలో ఓ ప్రవాహం, అటూ ఇటూ చిందిన తుంపరలు అనుకుంటే గుర్తుండిపోతుంది. అయితే జపనీస్‌లో మిజు అంటే చల్లనివే. మనం నీళ్లకి ముందు ఓ ముక్క తగిలించి చన్నీళ్లు, వేన్నీళ్లు అంటాం. వాళ్లకి వేన్నీళ్లకి పూర్తిగా వేరే మాటే ఉంది, 'యు'. మర్యాదగా 'ఒయు' అంటారు. దాని అక్షరం 湯. పబ్లిక్ స్నానశాలల గుమ్మానికి కట్టిన తెరల మీద కూడా ఇది కనిపిస్తుంది.

ఇప్పుడు 湯 ఎడమవైపు చూడండి. పైనుంచి కిందికి మూడు చిన్న గీతలున్నాయి కదా? అవి నీటిచుక్కలు. 水 వేరే అక్షరం పక్కన చేరినప్పుడు ఇలా మూడు చుక్కలుగా కుంచించుకుపోతుంది. మూత మీద ఈ చుక్కలు చాలాచోట్ల దొరుకుతాయి. పోయడం 注, మరగడం 沸, ద్రవం 液, కలపడం 混. అన్నిటికీ ఎడమపక్క ఆ మూడు చుక్కలే. అర్థం తెలియకపోయినా ఇక్కడేదో నీళ్ల వ్యవహారం నడుస్తోందని తెలిసిపోతుంది.

కప్ మీద ఎక్కువగా కనిపించేది 熱湯, 'నెత్తో' అని చదువుతారు. అంటే సలసల కాగిన నీళ్లు. మొదటి అక్షరం అడుగున ఉన్న నాలుగు చుక్కలు నీళ్లవి కావు, నిప్పువి. కాబట్టి గోరువెచ్చని నీళ్లతో సరిపెడితే నూడుల్స్ లోపల గట్టిగా, బయట జిగురుగా మిగులుతాయి. గిన్నెలో ఉడికించే ప్యాకెట్ల మీద మాత్రం 水 కనిపించొచ్చు. 水500ml అని ఉందంటే చన్నీళ్లు అంత కొలిచి, గిన్నెలో మరిగించుకోమని అర్థం. పక్కనే 鍋 ఉంటే అదే గిన్నె.

నిమిషాలు: 分

పైన రెండు పక్కలకి విడిపోయిన గీతలు, కింద కత్తి. కత్తితో కోస్తే రెండుగా విడిపోతుంది, అదే ఈ అక్షరం అసలు అర్థం: భాగం. గంటని కోస్తే వచ్చే భాగం నిమిషం. 3分 అంటే మూడు నిమిషాలు ('సంపున్'), 5分 అంటే అయిదు ('గొఫున్').

అంకె ఎందుకు మారుతుందో చూడాలంటే, జపాన్‌లో ఏ షాపులోనైనా పక్కపక్కనే ఉండే మారుచాన్ కప్‌లు రెండు తీసుకోండి. ఎర్రది 'అకై కిత్సునె', దాని మీద 熱湯5分. ఆకుపచ్చది 'మిదొరి నొ తనుకి', దాని మీద 熱湯3分. ఎర్రదాంట్లో లావుపాటి ఉదొన్, పచ్చదాంట్లో సన్నటి సోబా. లావుగా ఉంటే నీళ్లు లోపలిదాకా చేరడానికి ఇంకో రెండు నిమిషాలు కావాలి. నూడుల్స్ అంటే మూడు నిమిషాలే అనుకుని ఎర్ర కప్ మూత తీస్తే ఉదొన్ మధ్యలో పిండి తగులుతుంది.

ఈ అక్షరంతో తిరకాసు ఏమిటంటే, ఇది మూత నిండా ఉంటుంది. 1食分 అంటే ఒకరు తినే భాగం, నిమిషం కాదు. 成分 అంటే లోపలున్న అంశాలు. ఇంకా 粉 అనే అక్షరంలో కూడా కుడిపక్కన ఇదే దాక్కుని ఉంటుంది. ఎడమవైపున్నది బియ్యం, పక్కన కోయడం, కలిపితే పిండి. సూప్ పొడి పొట్లం మీద 粉末 అని ఉండేది అదే. మరి నిమిషాన్ని ఎలా పట్టుకోవాలి? అంకె పక్కనే, మధ్యలో ఏమీ అడ్డం లేకుండా 分 ఉంటే అది నిమిషమే. అంకెకీ దానికీ మధ్య 人 గానీ 食 గానీ దూరితే అది భాగం. వంట సూచనల్లో ఈ గుర్తు దాదాపు మోసం చేయదు.

కలపడం: 混ぜ

దీన్ని 'మజేరు' అంటారు. బాగా తిప్పి కలపమంటే ముందు రెండక్షరాలు చేర్చి かき混ぜ అని రాస్తారు. 混, 湯 చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండిటికీ ఎడమపక్క మూడు చుక్కలు, కుడిపక్క పైన అడ్డగీత ఉన్న చిన్న పెట్టె. అంత చిన్న ప్రింటులో వాటి తేడా కంటికి ఆనదు. అందుకే ఆ అక్షరాన్ని వదిలేసి దాని వెనకున్నదాన్ని చూడండి. వెనకాల ぜ ఉంటే, అంటే కుడి భుజం మీద రెండు బుల్లి గీతలున్న గుండ్రటి అక్షరం ఉంటే, అది కలపడం. వేన్నీళ్ల వెనక ఆ అక్షరం రాదు.

కలపమన్నది మర్యాదకి రాసిన మాట కాదు. కప్‌లో సూప్ పొడి బరువుకి అడుగున దిగుతుంది. పైపైన తింటే చప్పగా, చివరికొచ్చేసరికి ఉప్పు కషాయంలా ఉంటుంది. పుల్లలు అడుగుదాకా పెట్టి పైకి ఎత్తుతూ కలపాలి.

ఇప్పుడు ఓ మూత చదువుదాం

అన్నిట్లోకీ తికమక పెట్టేది కప్ 'యకిసోబా'. ఇందులో సూప్ ఉండదు, నూడుల్స్‌కి సాస్ పట్టించి తింటారు. ఎక్కువగా చదరంగా, వెడల్పుగా ఉండే డబ్బాలో వస్తుంది. మూత మీద క్రమం దాదాపు ఇలా ఉంటుంది.

మొదట మూత ఒక పక్కనుంచి బాణం గుర్తు దాకా తీసి, లోపలి పొట్లాలు బయట పెట్టాలి. かやく అని రాసున్నది ఎండబెట్టిన క్యాబేజీ, మాంసం ముక్కలు. దాన్ని 'కయాకు' అంటారు. జపనీస్‌లో తుపాకిమందుని కూడా అలాగే పలుకుతారు గానీ, కంగారేం లేదు. ఇది నీళ్లకి ముందే నూడుల్స్ దగ్గర వేయాలి, లేకపోతే నానదు. సాస్ పొట్లం మాత్రం పక్కన పెట్టేయాలి.

రెండోది, 熱湯 లోపలి గీత దాకా పోసి మూత వేసి 3分. ఫోన్‌లో టైమర్ పెట్టండి. వేచి ఉన్నప్పుడు మూత తీసి చూస్తే ఆవిరి పోతుంది, వేడి తగ్గుతుంది.

మూడోది 湯切り, 'యుగిరి'. 切 లో కుడిపక్క మళ్లీ అదే కత్తి. వేన్నీళ్లని కోసేయడం, అంటే వంచేయడం. మన పెద్దవాళ్లు అన్నం గంజి వార్చినట్టే. మూతకి రెండో పక్కన ఓ కాగితం పొర ఉంటుంది, దాన్ని పీకితే చిన్న చిల్లులు బయటపడతాయి. మొదట తెరిచిన పక్క నుంచి వంచితే నూడుల్స్ కూడా సింక్‌లో పడతాయి. రెండు చేతులతో పట్టుకుని, మొహం దూరంగా పెట్టి మెల్లగా వంచాలి. ఆవిరి చిల్లుల్లోంచి సూటిగా వేళ్ల మీదికి వస్తుంది. స్టీల్ సింక్ అయితే వేడికి వ్యాకోచించి 'ఢాం' అంటుంది. ఆ చప్పుడికి ఉలిక్కిపడి డబ్బా వదిలేయకండి.

నాలుగోది సాస్ వేసి かき混ぜ. ఈ వరస తిరగబడితే, అంటే సాస్ ముందే కలిపేస్తే, మూడు నిమిషాల తర్వాత రుచి అంతా సింక్‌లోకి పోయి తెల్లటి నూడుల్స్ మిగులుతాయి. కాబట్టి నీళ్లు పోసే ముందే మూత మీద 湯切り ఉందేమో వెతకండి. ఉంటే సాస్ చివర్లోనే.

హొక్కైదొలో అమ్మే 'యకిసోబా బెంతో' అనే రకంలో ఓ చిన్న సూప్ పొట్లం ఉంటుంది. వంచిన నీళ్లనే కప్పులోకి పట్టి అందులో కలుపుకుని తాగుతారు. గంజి పారబోయని ఇల్లు అన్నమాట.

సూప్ ఉన్న కప్‌లలో కూడా ఇలాంటి వరస ఉంటుంది. పొట్లం మీద 先 ఉంటే ముందు, 後 ఉంటే తర్వాత. నూనె ఉన్న పొట్లాలు ఎక్కువగా తర్వాత వేసేవే. ముందే వేస్తే వాసన ఎగిరిపోతుంది, నూడుల్స్ కూడా సరిగ్గా నానవు. అంతదాకా ఆ పొట్లాన్ని వేడి మూత మీద పెడితే లోపలి కొవ్వు కరిగి తేలిగ్గా బయటికొస్తుంది.

ఇంకో రెండు మాటలు

పోయడానికి వాడే 注 వెనక 意 చేరిందంటే అర్థం మారిపోతుంది. 注意 అంటే జాగ్రత్త. మనసుని అటు పోయమని చెప్పడం. やけど పక్కన ఈ మాట కనిపిస్తే, కాలుతుంది జాగ్రత్త అని. దాన్ని చూసి ఇంకాసిన్ని నీళ్లు పోయమన్నారనుకోకండి.

ఇక ఈ అక్షరాలు ఎలా వండాలో చెబుతాయి గానీ, లోపల ఏముందో చెప్పవు. గొడ్డుమాంసం, పంది మాంసం తిననివాళ్లు డబ్బా పక్కనున్న 原材料名 అనే పెట్టెలో 牛, 豚 వెతకాలి. మొదటిది ఆవు, రెండోది పంది. ఇవి కనిపిస్తే ఆ కప్ అక్కడే పెట్టేయొచ్చు. కనిపించకపోతే మాత్రం లేనట్టే అనుకోవద్దు. పందిని ポーク అని, గొడ్డుమాంసాన్ని ビーフ అని వేరే లిపిలో కూడా రాస్తారు. అనుమానం ఉంటే కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకోండి, టైమర్ ఆ తర్వాత పెట్టొచ్చు.