ఇంటర్నల్స్ మార్కుల హిసాబ్ ఎవరు అడగాలి?

"ఇంటర్నల్స్‌లో ఫెయిలైతే హాల్ టికెట్ ఇవ్వరంట, నిజమేనా భాయ్?" చిత్తూరు నుంచీ తిరుపతి నుంచీ ఫోన్ చేసే అబ్బాలు ప్రతి నవంబర్‌లోనూ, ప్రతి ఏప్రిల్‌లోనూ నన్ను అడిగే సవాల్ ఇది. కొందరికి కాలేజీలోనే ఎవరో అట్లా చెప్పి ఉంటారు. కొందరికి పక్కింటి పిల్లోడు చెప్పి ఉంటాడు. భయం మాత్రం అందరి గొంతులోనూ ఒకటే. ఆ భయం సగం అబద్ధం మీదా, సగం నాఇన్సాఫీ మీదా నిలబడి ఉందని నా వాదన. రెండింటినీ విడదీసి చూద్దాం.

ముందు అబద్ధం సంగతి. మన జిల్లాల్లోని ఇంజనీరింగ్ కాలేజీలు ఎక్కువగా అనంతపురం జేఎన్టీయూ కింద నడుస్తాయి. 2020లో వచ్చిన ఆర్20, 2023లో వచ్చిన ఆర్23 రెగ్యులేషన్లలో థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు. అందులో 30 ఇంటర్నల్స్, 70 సెమిస్టర్ చివరి పరీక్ష. పాస్ కావడానికి షరతులు రెండే. చివరి పరీక్షలో 35 శాతం, అంటే 70కి 25 రావాలి. రెండూ కలిపి 100కి 40 రావాలి. ఇంటర్నల్స్‌కు విడిగా పాస్ మార్కు అంటూ లేదు. హాల్ టికెట్ ఆపేది ఇంటర్నల్స్ కాదు, హాజరు. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపి, ఫీజు కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. కాబట్టి "నీకు ఇంటర్నల్స్ తక్కువ, పరీక్షకు కూర్చోనివ్వం" అని ఎవరైనా నోటిమాటగా అంటే, ఏ రూల్ కింద అంటున్నారో రాసి ఇవ్వమనండి. అటానమస్ కాలేజీలకు సొంత రెగ్యులేషన్లు ఉంటాయి. మీ పిల్లల కాలేజీ అటువంటిదైతే వాళ్ల పుస్తకం తెరిచి చదవండి. అది చదవడం మీ హక్.

ఇక నాఇన్సాఫీ సంగతి. విడిగా పాస్ మార్కు లేదు కదా, ఇక ఫికర్ ఎందుకు అంటారా? లెక్క చూడండి.

ఒక అమ్మాయి ఉందనుకుందాం. మొదటి మిడ్‌లో 30కి 12 వచ్చాయి. రెండో మిడ్ రోజున డెంగీ జ్వరంతో ఆస్పత్రిలో ఉంది. ఇక్కడ రూల్ ఏమంటే, రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్క కడతారు. రెండోది సున్నా కాబట్టి ఆమెకు 12లో 80 శాతం, 9.6. పది అనుకోండి. ఆమె రెండో మిడ్ రాసి 20 తెచ్చుకుని ఉంటే, 20లో 80 శాతం 16, 12లో 20 శాతం 2.4, కలిపి 18.4 అయ్యేది.

ఇప్పుడు చివరి పరీక్షలో ఆమెకు 70కి 28 వచ్చాయి. 25 దాటింది. అయినా 28కి 10 కలిపితే 38, అంటే ఫెయిల్. అదే 28 తెచ్చుకున్న పక్క బెంచీ అమ్మాయికి ఇంటర్నల్స్ 18 ఉంటే మొత్తం 46, హాయిగా పాస్. ఒకే పేపర్, ఒకే జవాబులు, రెండు ఫలితాలు. మన అమ్మాయికి 25 సరిపోదు, 30 రావాలి.

అసలు దెబ్బ ఇంకా ముందుంది. ఆమె సప్లిమెంటరీకి ఫీజు కట్టి మళ్లీ రాస్తుంది. రాసేది 70కే. ఆ పది మాత్రం పదిగానే ఉంటుంది. రెండోసారి, మూడోసారి, నాలుగోసారి కూడా అదే పది. జ్వరం తగ్గిపోతుంది గానీ దాని మార్కు తగ్గదు. ఇంటర్నల్స్ మెరుగుపరచుకునే దారి పాత రెగ్యులేషన్లలో ఉండేది. కానీ అది నాలుగేళ్ల కోర్సూ ముగిశాక, సగం కంటే తక్కువ ఇంటర్నల్స్ వచ్చి ఫెయిలైన సబ్జెక్టుల్లో, మూడింటికి మించకుండా. ఒక్కో సబ్జెక్టుకు సెమిస్టర్ ఫీజులో మూడో వంతు కట్టాలి. పాత మార్కులన్నీ రద్దవుతాయి. ఆటో నడిపే అబ్బాకు ఇది దారా, గోడా?

సరిహద్దు దాటి చూస్తే గోడ ఇంకా ఎత్తు. మన చిత్తూరు పిల్లలు బెంగళూరులో చదివే విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2022 స్కీమ్ ప్రకారం ఇంటర్నల్స్ 50, చివరి పరీక్ష 50. ఇంటర్నల్స్‌లో 50కి 20 రాకపోతే ఆ సబ్జెక్టులో చివరి పరీక్షకు అర్హతే లేదు. హైదరాబాద్ జేఎన్టీయూ ఆర్22లో 40కి 14 రావాలి. రాకుండా పరీక్ష రాసినా ఆ పరీక్ష రద్దు. అంటే అక్కడ మన అబ్బాలు భయపడుతున్నది నిజమే. పిల్లల్ని పంపేముందు ఫీజు అడిగినట్టే ఈ రూల్ కూడా అడగండి.

ఉస్తాదుల మాట కూడా వినాలి. ఇంటర్నల్స్‌కు బరువు లేకపోతే పిల్లలు క్లాసుకే రారు, చివరి పదిరోజుల్లో గైడ్ బట్టీ పట్టి గట్టెక్కుతారు అంటారు. అది నిజం. ఏడాదంతా చదివినదానికి విలువ ఉండాలన్నది మంచి ఉద్దేశమే. నాకు ఇంటర్నల్స్‌తో దుష్మనీ లేదు. నా అభ్యంతరం తూకం మీద కాదు, తరాజు ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎవరు చూస్తున్నారు అన్నదాని మీద. చివరి పరీక్ష పేపర్ దిద్దేవారికి అది ఎవరిదో తెలియదు, అనుమానముంటే రీవాల్యుయేషన్ ఉంది. మిడ్ పేపర్ దిద్దేవారికి పిల్ల ముఖం తెలుసు, పేరు తెలుసు. పై అప్పీలు లేదు. తక్కువ పడితే ఒక పిల్లకు జుల్మ్, అందరికీ ఎక్కువ పడితే కష్టపడ్డ పిల్లకు జుల్మ్.

ఈ సంగతి మన సర్కారుకు తెలియనిది కాదు. పదో తరగతిలో 20 మార్కుల ఇంటర్నల్స్‌ను ఆంధ్రప్రదేశ్ 2019లో ఎత్తేసింది. ప్రైవేటు బడులు అందరికీ ఇరవైకి ఇరవై వేస్తున్నాయన్న ఫిర్యాదు అప్పట్లో అందరి నోటా ఉండేది. పదిహేనేళ్ల పిల్ల విషయంలో నమ్మలేని తరాజును పద్దెనిమిదేళ్ల పిల్ల విషయంలో కళ్లు మూసుకుని ఎట్లా నమ్మమంటారు?

నేను అడిగేవి మూడే. దిద్దిన మిడ్ పేపర్ పిల్ల చేతికిచ్చి చూపించాలి. చివరి పరీక్షకు కనీసం రెండు వారాల ముందు మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టి, అభ్యంతరాలు రాతలో తీసుకోవాలి. జబ్బుతోనో ఇంట్లో మౌత్ వల్లనో మిడ్ తప్పిన పిల్లకు, కాగితం చూపిస్తే, అదే సెమిస్టర్‌లో ఇంకో మిడ్ పెట్టాలి. ఇందులో ఖర్చు ఏముంది? ఒక ప్రశ్నాపత్రం, ఒక గది, ఒక గంటన్నర.

మనవైపు నుంచీ ఒక పని ఉంది. మొదటి మిడ్ అయిన వారంలోనే పిల్లల్ని "ఎన్ని వచ్చాయి బేటా?" అని అడగండి. రెండు మిడ్‌లూ కలిపి లెక్క కట్టాక ఇంటర్నల్స్ 15 వస్తే చివరి పరీక్షలో 25 చాలు. 15 కంటే తగ్గిన ప్రతి మార్కూ అక్కడ ఒక మార్కు అప్పు. ఆ అప్పు రెండో మిడ్‌కు ముందే తెలిస్తే తీర్చుకోవచ్చు. రిజల్ట్ రోజు తెలిస్తే తీర్చేవాళ్లు ఎవరూ ఉండరు.