పిల్లల దగ్గర మెలగవలసిన తీరు



వేసవి సెలవులు రాగానే మన సంఘాలలో వి.బి.ఎస్. మొదలవుతుంది. పాటలు నేర్పడానికి, కథలు చెప్పడానికి యౌవనస్థులు ముందుకు వస్తారు. వారికి పాఠ్యపుస్తకం ఇస్తే చాలదు. పిల్లల దగ్గర ఎలా మెలగాలో మొదటి రోజే చెప్పాలి.

ఎస్.ఆర్. నగర్ వంటి చోట ఒక వి.బి.ఎస్. జరుగుతోందనుకుందాం. మధ్యాహ్నం తరగతులు ముగిశాయి. అందరూ వెళ్లిపోయారు. ఎనిమిదేళ్ల పాప ఒక్కతే మిగిలింది. అమీర్‌పేటలో పనిచేసే తల్లి ఇంకా రాలేదు. వాలంటీరు అన్నయ్య, "నేను బండి మీద దింపి వస్తాను" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అయినా వద్దనాలి. ఏ పెద్దవారూ ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదన్నది మొదటి నియమం. ఇద్దరు పెద్దలు పాపను అందరికీ కనబడే వరండాలో కూర్చోబెట్టి, తల్లికి ఫోను చేయాలి. బిడ్డను ఎవరు తీసుకువెళ్తారో ముందే రిజిస్టరులో రాసి ఉండాలి. వేరొకరు వస్తే, తల్లిదండ్రులను అడగనిదే పంపకూడదు.

ఇది ఆ అన్నయ్యపై అనుమానం కాదు. ఈ నియమం అతనికీ కాపుదలే. అయితే పిల్లలకు హాని చేసేవారు ఎక్కువగా తెలిసినవారే, నమ్మకస్థులే. ఒక బిడ్డకే వేరుగా చాక్లెట్లు ఇవ్వడం, ఆ బిడ్డకు ఫోనులో మెసేజీలు పంపడం, "ఎవరికీ చెప్పకు" అనడం కనబడితే వెంటనే ఆపి, సంఘ పెద్దలకు తెలియజేయాలి.

ఒకవేళ బిడ్డే వచ్చి, "ఆయన నన్ను ఇలా ముట్టుకున్నాడు" అంటే ఏం చేయాలి? నిదానంగా వినండి. గుచ్చి గుచ్చి అడగవద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు. బిడ్డ అన్న మాటలను అన్నట్టే, తేదీ, సమయంతో రాసిపెట్టండి. ఆ వ్యక్తిని పిలిచి నిలదీయవద్దు. అతడు జాగ్రత్తపడతాడు, బిడ్డను బెదిరిస్తాడు.

సంఘం పరువు పోతుందని పెద్దలు లోలోపల సర్దుబాటు చేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పితీరాలి. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. సంస్థకు బాధ్యులైనవారు తమ క్రింద పనిచేసేవారి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. రుజువులు వెదకడం మన పని కాదు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లవచ్చు, లేదా 1098కు ఉచితంగా ఫోను చేయవచ్చు. బిడ్డ స్టేషనుకు రానక్కరలేదు. యూనిఫారం లేని పోలీసు అధికారి, వీలైనంతవరకు మహిళా అధికారే, ఇంటికి వచ్చి మాటలు నమోదు చేయాలని చట్టమే చెబుతోంది.

ఈ నియమాలను ఒక కాగితంపై రాసి, ప్రతి వాలంటీరు చేత సంతకం చేయించండి. ఒక ప్రతిని తల్లిదండ్రులు చదువుకునేలా గుడి ద్వారం దగ్గర అంటించండి.