మంగళవారం దాటితే

మన కళాశాల నుండి విదేశాలలో పై చదువులకు వెళ్ళదలచినవారు చాలామంది జి.ఆర్.ఇ. రాస్తారు. ఈ పరీక్షకు తేదీ ఒకరు ఇచ్చేది కాదు, మనమే ఎంచుకోవాలి. పరీక్షాకేంద్రంలో ఎన్ని కంప్యూటర్లుంటే ఆ పూటకు అన్నే సీట్లు. నిండిపోయాక ఎంత మొరపెట్టుకున్నా లాభం లేదు. అయితే ఇంట్లో కూర్చుని కూడా రాయవచ్చు. దానికి అర్ధరాత్రి, తెల్లవారుజాము అనే తేడా లేకుండా స్లాట్లుంటాయి. పల్లెటూరి విద్యార్థికి ఇది వరమే అనిపిస్తుంది.

షరతులు చదివితే ఆ సంబరం సగం తగ్గుతుంది. గదిలో మనం ఒక్కరమే ఉండాలి, తలుపు మూసి ఉండాలి. మంచం మీద కూర్చుని రాస్తానంటే కుదరదు, బల్ల కావాలి. కెమేరాతో గది నాలుగు మూలలూ చూపించాలి. మా ఊళ్ళో తలుపు సరిగా పడే గదంటూ ఉంటే అందులో వడ్ల బస్తాలుంటాయి!

సరే, బస్తాలు జరుపుకుందాం. ముందుగా కంప్యూటరును పరీక్షించుకొమ్మంటారు. కెమేరా, మైకు, నెట్టు అన్నీ బాగున్నాయని వస్తుంది. కాని అది ఆ నిమిషానికి చెప్పిన మాటే. మధ్యాహ్నం బాగున్న నెట్టు, ఊరంతా ఫోన్లు పట్టుకునే రాత్రి ఎనిమిదింటికి నత్తనడక నడుస్తుంది. కనుక స్లాటు ఏ గంటకో, చెకింగు కూడా ఆ గంటకే చెయ్యాలి. అదీ ఒక్కనాడు కాదు, రెండు మూడు రోజులు. నన్నడిగితే తెల్లవారుజాము స్లాటే మేలు.

అసలు చిక్కు వేరే ఉంది. తేదీ మార్చుకోవాలంటే నాలుగు రోజుల ముందే మార్చుకోవాలి, దానికి రుసుము వేరే. పరీక్ష శనివారమైతే మంగళవారమే ఆఖరు. ఆలోగా రద్దు చేసుకుంటే సగం డబ్బు వెనక్కి వస్తుంది, దాటితే అంతా పోయినట్టే. మరి శుక్రవారం రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే? లైన్‌మన్ ఎల్.సి. తీసుకుని కరెంటు ఆపితే? పల్లెలో కరెంటు సంగతి మంగళవారంనాడు ఎవరు చెప్పగలరు? పరీక్ష 2 గంటల లోపుదే, లాప్‌టాప్ బ్యాటరీ అంతసేపూ ఆగవచ్చు. ఇంట్లోని రౌటర్ మాత్రం కరెంటుతోపాటే ఆగిపోతుంది. ఈ నియమం రాసినవారిది దురుద్దేశమని నేననను. పోయే కరెంటు వారి లెక్కలో లేదు, అంతే.

ఆ నియమం మార్పించడం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. భౌతికశాస్త్ర విభాగం పక్కన వాడకంలో లేని చిన్న గదిని ఒక బల్ల, తలుపుకు గడియ, యు.పి.ఎస్., తీగ ద్వారా వచ్చే నెట్టుతో సిద్ధం చేసి, ముందుగా పేరు రాసుకున్నవారికి రెండున్నర గంటలు ఇవ్వాలి. తరగతుల గోల లేని ఆదివారాలైతే మరీ మంచిది. యూనియన్ ఈ సంవత్సరం ప్రిన్సిపాల్ గారికిచ్చే వినతిపత్రంలో సైకిల్ స్టాండు రేకుల కంటే ముందు ఈ గదిని రాయమని నా కోరిక.